లేత నీలి వలయం మధ్యలో ఉన్న ఇల్లు: ఎంవీపీ కాలనీ ఫోన్ కేసు

విశాఖపట్నం ద్వారకానగర్‌లో మొబైల్ సర్వీస్ షాపు నడుపుతున్నాను. పోయిన ఫోన్ల కోసం మ్యాప్ స్క్రీన్‌షాట్ పట్టుకుని నా దగ్గరకు వచ్చేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. అందరూ అడిగేది ఒకటే: "ఫోన్ ఇక్కడే ఉంది కదా?" ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో స్క్రీన్‌షాట్ అబద్ధం చెప్పలేదు, దాన్ని చదవడంలోనే పొరపాటు జరిగింది. ఆ పొరపాటు వల్ల రాత్రి పది గంటలకు ఏ సంబంధమూ లేని ఒక ఇంటి ముందు గొడవ అయింది. ఇంటి వివరాలు, మనుషుల పేర్లు రాయడం లేదు.

2025 ఫిబ్రవరి 10, సోమవారం ఉదయం. షట్టర్ ఎత్తేసరికే ఒక అక్కాతమ్ముళ్లు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. అక్క ఇంట్లో ట్యూషన్లు చెప్తారు. ముందురోజు ఆదివారం సాయంత్రం ఇంట్లోవాళ్లతో ఆర్కే బీచ్‌కి వెళ్లి, రాత్రి ఆటోలో ఎంవీపీ కాలనీకి తిరిగొచ్చారు. ఇంటికొచ్చి చూసుకుంటే హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోన్ లేదు. తమ్ముడు వెంటనే తన ఫోన్‌లో అక్క గూగుల్ అకౌంట్‌తో Find My Device తెరిచాడు (2025 మే నుంచి దాని పేరు Find Hub అయింది). మ్యాప్‌లో లాసన్స్ బే కాలనీ వైపు ఒక మేడ మీద గుర్తు కనబడింది. ఆ మేడలో నలుగురు కుర్రాళ్లు అద్దెకుంటున్నారు. ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని వెళ్లి తలుపు కొట్టాడు. మాటా మాటా పెరిగింది. ఇంటి ఓనరు పోలీసులను పిలుస్తాననేసరికి వెనక్కొచ్చాడు.

"అన్నయ్యా, ఇల్లు కూడా కనబడతంది. ఇంకేటి కావాలి? ఒక ముక్క రాసివ్వండి, స్టేషన్‌కి పట్టుకెళ్తాను" అన్నాడు.

నేను ముందుగా స్క్రీన్‌షాట్ అడిగాను. నాకు వాట్సాప్‌లో పంపాడు. ఫైల్ పేరు IMG-20250210-WA0014.jpg. ఇలాంటి ఫైల్ పనికిరాదు. ఆ పేరులో ఉన్నది వాట్సాప్‌లో బొమ్మ వచ్చిన తేదీయే తప్ప స్క్రీన్‌షాట్ తీసిన సమయం కాదు. పైగా వాట్సాప్ మామూలుగా పంపే బొమ్మను కుదిస్తుంది, లోపలి వివరాలను తీసేస్తుంది. "ఇది కాదు తమ్ముడూ, గ్యాలరీలో అసలుది ఉంటుంది, అది చూపించు" అన్నాను. గ్యాలరీలో రెండు ఉన్నాయి. ఒకటి ఇప్పుడు పంపినది, దాన్ని బాగా జూమ్ చేసి కత్తిరించాడు. రెండోది మొదట తీసినది, Screenshot_20250209-211846.png. అంటే ఆదివారం రాత్రి 9 గంటల 18 నిమిషాల 46 సెకన్లకు తీసింది. నేను దీన్నే తీసుకున్నాను.

ఈ రెండింటికీ ఉన్న తేడా దగ్గరే ఇలాంటి కేసులు దారి తప్పుతుంటాయి. కత్తిరించిన బొమ్మలో మేడ కప్పు, పక్క సందు, మధ్యలో గుర్తు, అంతే ఉన్నాయి. మ్యాప్ అంతా పలచటి నీలం రంగు పరుచుకుని ఉంది. "ఈ నీలం ఏంటి?" అని అడిగితే "రాత్రి కదన్నయ్యా, మ్యాప్ అలా వస్తది" అన్నాడు. అది రాత్రి రంగు కాదు. అది గుర్తు చుట్టూ మ్యాప్ గీసే వలయం లోపలి రంగు. ఫోన్ చోటును ఎంత పరిధిలో అంచనా వేస్తోందో చెప్పేది ఆ వలయమే. లోపలికి జూమ్ చేసుకుంటూ పోతే వలయం అంచులు స్క్రీన్ బయటికి పోతాయి, లోపలి నీలం మాత్రమే మిగులుతుంది. అప్పుడు గుర్తు ఒక్కటే కళ్లకు ఆనుతుంది, వలయం ఉందన్న సంగతే తెలియదు. అసలు బొమ్మలో అంచు స్పష్టంగా ఉంది. వలయం స్క్రీన్ వెడల్పులో దాదాపు మొత్తం ఆక్రమించింది. తూర్పు వైపు కొంత భాగం సముద్రం మీద కూడా పడింది.

ఆ వలయం ఎంత పెద్దదో కొలవాలి. స్క్రీన్‌షాట్‌లో స్కేలు గీత లేదు, కాబట్టి నేను ఎప్పుడూ చేసే పద్ధతిలోనే చేశాను. బొమ్మను కంప్యూటర్‌లో తెరిచి, అందులో తేలిగ్గా గుర్తుపట్టగల రెండు రోడ్డు కూడళ్లు ఎంచుకున్నాను. వాటి మధ్య దూరం బొమ్మలో 372 పిక్సెళ్లు వచ్చింది. తర్వాత గూగుల్ మ్యాప్స్‌లో అవే రెండు కూడళ్ల మధ్య Measure distance తో కొలిస్తే 450 మీటర్లు. అంటే ఒక పిక్సెల్ సుమారు 1.21 మీటర్లు. వలయం అడ్డంగా 1024 పిక్సెళ్లు ఉంది, అంటే దాదాపు 1,240 మీటర్లు. అందులో సగం, 620 మీటర్లు, వ్యాసార్ధం. తమ్ముడి కోసం విస్తీర్ణం కూడా లెక్కేశాను. సుమారు 1.2 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో దాదాపు 300 ఎకరాలు.

"మూడొందల ఎకరాల్లో నువ్వు ఒక్క తలుపు కొట్టావు" అన్నాను. వాడు ఏమీ అనలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. ఫోన్ ఈ వలయంలో ఎక్కడో ఒకచోట తప్పకుండా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆండ్రాయిడ్ ఇచ్చే ఆక్యురసీ కొలతకు అర్థం అది కాదు. ఆ వ్యాసార్ధంలోపు ఉండే అవకాశం 68 శాతం, అంతే. ఇలాంటి వంద కొలతల్లో దాదాపు ముప్పై రెండింట్లో ఫోన్ వలయానికి బయటే ఉండొచ్చు. మధ్యలో ఉన్న గుర్తు ఆ వలయానికి కేంద్రం మాత్రమే. అది ఏ ఇంటి కప్పు మీద పడుతుందన్నది కేవలం కాకతాళీయం. వలయం రెండొందల మీటర్లు తూర్పుకి జరిగి ఉంటే వేరే ఇల్లో, రోడ్డో, బీచ్ ఇసకో దాని కింద ఉండేది.

వలయం సైజు మరో విషయం కూడా చెబుతుంది. ఫోన్ తన చోటును దేన్నిబట్టి కనుక్కుందో దాన్నుంచి ఊహించవచ్చు. ఆరుబయట జీపీఎస్ బాగా అందితే వలయం కొన్ని మీటర్ల నుంచి ఇరవై మీటర్ల లోపు ఉంటుంది. చుట్టుపక్కల వైఫైలను బట్టి లెక్కేస్తే కొన్ని పదుల మీటర్లు. కేవలం సెల్ టవర్ ఆధారమైతే వందల మీటర్ల నుంచి కిలోమీటర్ల దాకా పోతుంది. 620 మీటర్లంటే అది టవర్ లెక్కే. లాసన్స్ బే లాంటి ఇరుకు కాలనీలో ఫోన్‌కు వైఫైలు బోలెడు కనబడాలి, అయినా ఇంత పెద్ద వలయం ఎందుకొచ్చింది? జవాబు అదే స్క్రీన్‌షాట్‌లో గుర్తు పక్కన ఉంది. బ్యాటరీ 9%. అక్కను అడిగితే, బ్యాటరీ తగ్గినప్పుడు బ్యాటరీ సేవర్ దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టుకున్నానని, వైఫై, బ్లూటూత్ ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచుతానని చెప్పారు. అలాంటి ఫోన్ పెద్ద వలయం చూపించడం మామూలే.

ఇక సమయం. స్క్రీన్ మీద Last seen 41 minutes ago అని ఉంది. ఇది గడియారం టైము కాదు, "ఇప్పటికి ఎంతసేపైంది" అనే లెక్క. ఆ "ఇప్పుడు" ఎప్పుడో తెలియకపోతే ఈ 41కి విలువే లేదు. అసలు ఫైల్ కోసం నేను పట్టుబట్టింది అందుకే. అలాగే పేజీ తెరిచి చాలాసేపు అలాగే వదిలేసి తర్వాత స్క్రీన్‌షాట్ తీశాడేమో కూడా తెలుసుకోవాలి. ఆ పని చేస్తే తెర మీది లెక్క పాతదై ఉండొచ్చు. "లేదన్నయ్యా, రీఫ్రెష్ కొట్టి వెంటనే తీశాను, అక్కకి చూపించాలని" అన్నాడు. అప్పుడు 9:18 లోంచి 41 తీసేస్తే రాత్రి 8:37.

ఇక్కడే తమ్ముడు అనుకున్నదానికి గండి పడింది. "8:37కి దొంగ స్విచ్ ఆఫ్ చేసేశాడు" అని వాడి నమ్మకం. కానీ Last seen అంటే ఫోన్ చివరిసారి గూగుల్‌కు తన చోటు చెప్పగలిగిన సమయం. ఆ తర్వాత ఫోన్ ఆగిపోయిందని కాదు. డేటా ఆపేసినా, సిగ్నల్ పోయినా, లొకేషన్ ఆఫ్ చేసినా ఫోన్ బతికే ఉంటుంది, మ్యాప్ మాత్రం పాతదగ్గరే నిలిచిపోతుంది. ఫోన్ నిజంగా ఎప్పటిదాకా బతికుందో చెప్పేది వేరే చోట దొరుకుతుంది, ఆ నంబరుకు చేసిన కాల్స్‌లో.

అక్క భర్తకు ఫోన్ చేసి ఆయన కాల్ లిస్ట్ చదవమన్నాను. ఆయన మొదటి కాల్ 8:52కి, పూర్తిగా రింగయింది, ఎవరూ ఎత్తలేదు. తర్వాత వరసగా చేస్తూనే ఉన్నారు. 9:05 కాల్ కూడా రింగయింది. 9:12కి చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. ఆ మాట ఒక్కటే వింటే నేను తేల్చను, కవరేజీ లేనప్పుడు కూడా కొన్నిసార్లు అదే మాట వస్తుంది. కానీ 9:05 దాకా రింగయిందన్నది గట్టి ఆధారం. మ్యాప్ 8:37 దగ్గర ఆగిపోయింది, ఫోన్ మాత్రం కనీసం 9:05 వరకు బతికే ఉంది. మధ్యలో దాదాపు అరగంట.

ఆ అరగంట మ్యాప్‌లో ఎందుకు లేదు? కాల్ రింగవ్వడానికి డేటా అక్కర్లేదు, లొకేషన్ పంపడానికి కావాలి. "అమ్మా, డేటా ఆపేశారా?" అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించారు. "బీచ్‌లో తీసిన ఫొటో మా చెల్లికి పంపాను, ఆటోలోనే. పంపాక ఆపేశాను బాబూ. చార్జింగ్ అయిపోతోంది కదా." చెల్లెలు శ్రీకాకుళంలో ఉంటారు. అప్పటికప్పుడు తమ్ముడి ఫోన్ నుంచి ఆవిడకు కాల్ చేసి, ఆ ఫొటో ఎన్నింటికి వచ్చిందో చూడమన్నాం.

8:36.

షాపులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మ్యాప్ చివరిసారి చూసిన 8:37కి ఫోన్ ఈవిడ చేతిలోనే ఉంది. ఈవిడ ఆటోలో ఉన్నారు. ఆటో బీచ్ రోడ్డు మీదుగా లాసన్స్ బే దాటి ఎంవీపీ వైపు వస్తోంది. ఆ వలయం దొంగ ఉన్న చోటు చూపించడం లేదు, అక్క ఇంటికొచ్చే దారిని చూపిస్తోంది. స్క్రీన్‌షాట్ ఫోన్ పోక ముందు సంగతి చెబుతుంటే, తమ్ముడు దాన్ని పోయిన తర్వాత సంగతిగా చదివాడు.

పోయిన ఫోన్ల మ్యాప్‌లలో ఇది నేను చాలాసార్లు చూశాను. సర్వీసు ఫోన్‌ను అప్పటికప్పుడు అందుకోలేకపోతే తన దగ్గర నమోదై ఉన్న పాత చోటును చూపిస్తుంది. ఆ పాత చోటు చాలాసార్లు సొంతదారు తిరిగిన చోటే అవుతుంది. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న "మ్యాప్ ఎక్కడ చూపిస్తోంది" కాదు, "ఆ టైముకి మీరు ఎక్కడున్నారు" అని. డేటా లేకపోయినా చుట్టుపక్కల ఆండ్రాయిడ్ ఫోన్లు బ్లూటూత్ ద్వారా పసిగట్టి చెప్పే ఏర్పాటు కూడా ఉంది. కానీ దానికి పోయిన ఫోన్‌లో బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి. పైగా మామూలు సెట్టింగ్‌లో జనం ఎక్కువగా తిరిగే చోట్ల, ఒకటికి మించి ఫోన్లు పసిగట్టినప్పుడే చోటు చూపిస్తుంది. ఈ కేసులో బ్లూటూత్ ఆఫ్, కాబట్టి అటువైపు నుంచి ఏమీ రాలేదు.

ఇప్పుడు స్క్రీన్‌షాట్ నిజంగా ఎంత ఉపయోగపడిందో చూడండి. బీచ్‌లో మురి మిక్చర్ బండి దగ్గరే ఫోన్ పోయి ఉంటుందని అక్కకు గట్టి అనుమానం, అక్కడ బాగా జనం ఉన్నారట. అక్కడ 40 రూపాయలు యూపీఐలో కట్టారు, జాయింట్ అకౌంట్ కాబట్టి ఎస్సెమ్మెస్ భర్త ఫోన్‌కూ వచ్చింది, టైము 8:19. అంటే అప్పటికి ఫోన్ ఉంది. 8:36కి ఆటోలో ఉంది. 8:52కి ఇంట్లో లేదు. బీచ్‌లో పోయిందన్న అనుమానం పూర్తిగా తీరిపోయింది. ఇక మిగిలింది ఆటో, దిగిన చోటు, అక్కణ్నుంచి గుమ్మం దాకా నడిచిన యాభై అడుగులు. ఆటోవాడికి నోటు ఇచ్చి చిల్లర తీసుకున్నారు కాబట్టి దిగేటప్పుడు ఫోన్ బయటకు తీయలేదు.

మరి 9:12 స్విచ్ ఆఫ్? దీన్ని దొంగతనానికి రుజువుగా చూపించాడు తమ్ముడు. నాకు 9 శాతం గుర్తొచ్చింది. నాలుగేళ్ల పాత ఫోన్, బ్యాటరీ 9 శాతం, పదమూడు నిమిషాలపాటు వరసగా రింగు, వైబ్రేషన్, వెలిగే స్క్రీన్. తనంతట తానే ఆరిపోవడానికి అది చాలు. ఎవరో ఆపారని చెప్పడానికి మన దగ్గర ఏమీ లేదు. అదే స్క్రీన్‌షాట్‌లో బ్యాటరీ 63 శాతం ఉండి ఉంటే నేను వేరేగా ఆలోచించేవాణ్ని.

ఇక ఏం చేయాలి? తమ్ముడు రాత్రే Factory reset device నొక్కబోతే అక్క ఆపారట. మంచి పని చేశారు. ఫోన్ చెరిగిపోతే ఆ తర్వాత మ్యాప్‌లో కనబడదు. దాని బదులు Secure device నొక్కి, లాక్ స్క్రీన్ మీద భర్త నంబరు కనబడేలా పెట్టాం. ఫోన్ మళ్లీ డేటా అందుకున్నప్పుడే ఆ ఆదేశం పని చేస్తుంది, అయినా పెట్టి ఉంచడం మంచిది. బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ ఆపించాం. ఫోన్‌కుండే ఐఎంఈఐ నంబరును బ్లాక్ చేయడానికి ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో సీఈఐఆర్ అనే సేవ ఉంది, దానికి పోలీసు ఫిర్యాదు కాపీ కావాలి. అది సాయంత్రం దాకా ఆగమన్నాను. బ్లాకైన ఫోన్ మన దేశంలో ఏ సిమ్‌తోనూ నెట్‌వర్క్ అందుకోదు. దొరికే ఆశ ఉన్న మొదటి గంటల్లో అది మనకే అడ్డం. దొంగతనం ఖాయమని తేలితే మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సీసీ కెమెరా ఉంది. వాచ్‌మన్ చూపించిన రికార్డింగ్‌లో వీళ్లు ఆటో దిగిన టైము 8:50. ఇది సరిపోలేదు, 8:52కే ఇంట్లోంచి ఫోన్ చేశారు కదా, రెండు నిమిషాల్లో మూడో అంతస్తు ఎక్కి, బ్యాగ్ వెతికి, కాల్ చేయడం కుదరదు. తమ్ముణ్ని కెమెరా తెర మీది గడియారాన్ని తన ఫోన్ టైముతో పోల్చమన్నాను. కెమెరా ఆరు నిమిషాలు ముందుంది. అంటే దిగింది 8:44కి. అప్పుడు అంతా అతికింది. వీడియోలో అక్క చేతిలో పర్సు, భుజాన బ్యాగ్ కనబడ్డాయి, బ్యాగ్ జిప్ తెరిచే ఉంది. ఆటో నంబరు సగమే కనబడింది కానీ వెనకున్న దేవుడి బొమ్మను బట్టి వాచ్‌మన్ పోల్చుకున్నాడు. అది ఎంవీపీ రైతు బజార్ దగ్గర ఆగే ఆటో.

ఈసారి తమ్ముణ్ని ఒంటరిగా పంపలేదు, అక్కను కూడా వెళ్లమన్నాను. "నీ ఆటోలో ఫోన్ ఉంది అనొద్దు. నిన్న రాత్రి మీ ఆటోలో వచ్చాం బాబూ, ఫోన్ కనబడటం లేదు, ఒకసారి సీటు చూద్దామా, అనండి" అని చెప్పాను. డ్రైవరు మధ్యాహ్నం పన్నెండు దాటాక స్టాండుకు వచ్చాడు. వీళ్లను దింపాక నేరుగా ఇంటికెళ్లి ఆటో పెట్టేశానని, పొద్దున రెండే బేరాలు తిప్పానని చెప్పాడు. వెనక సీటు దిండు, వీపు దిండు కలిసే చోట చెయ్యి పెడితే ఫోన్ అక్కడే ఉంది. ఆరిపోయి ఉంది.

మూడింటికి ఫోన్ పట్టుకుని షాపుకొచ్చారు. చార్జింగ్ పెట్టి ఆన్ చేశాం. మిస్డ్ కాల్స్ ఏడు, చివరిది 9:05. అక్క డేటా ఆన్ చేశారు. లాక్ స్క్రీన్ మీద పొద్దున మేం పెట్టిన నంబరు ప్రత్యక్షమైంది.

ఆ తర్వాత తమ్ముడి ఫోన్‌లో మళ్లీ మ్యాప్ తెరిచి, వైఫై, లొకేషన్ అన్నీ ఆన్‌లో పెట్టి కొత్త స్క్రీన్‌షాట్ తీయించాను. రెండింటినీ ఒకే స్కేలుకు తెచ్చి కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టాను. పాతదాంట్లో వలయం తెరంతా ఉంది. కొత్తదాంట్లో వలయం గుర్తు చాటునే దాగిపోయింది. జూమ్ చేసి కొలిస్తే వ్యాసార్ధం 14 మీటర్లు. అంత బాగా వచ్చిన కొలతలో కూడా గుర్తు పడింది నా షాపు మీద కాదు, పక్కనున్న మందుల షాపు మీద.

తమ్ముడు చాలాసేపు ఆ రెండు బొమ్మలనూ చూశాడు. పాత స్క్రీన్‌షాట్‌లో మేడ ఉన్న చోట వేలు పెట్టి, "ఆ కుర్రాళ్లు రేపు పరీక్షంటూ మొత్తుకున్నారన్నయ్యా" అన్నాడు. సాయంత్రం అక్కనూ బావనూ వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాడు.